C₄H₁₀O: ఒకే ఫార్ములా, ఏడు పదార్థాలు. ఐసోమర్లను గీయడం, గుణాలు అంచనా వేయడం, సీసాలో ఏముందో తేల్చడం

ఒక సీసాలో డైఇథైల్ ఈథర్ ఉంది, పక్క సీసాలో బ్యూటన్-1-ఆల్. చూడ్డానికి రెండూ రంగు లేని ద్రవాలే. రెండిటి అణుఫార్ములా C₄H₁₀O, రెండిటి అణుభారం 74. ఒక్క పరమాణువు తేడా లేదు. కానీ ఈథర్ 34.6 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏసీ లేని గదిలో ఆ సీసా మూత తీస్తే ద్రవంలో వాటంతట అవే బుడగలు వస్తాయి. బ్యూటన్-1-ఆల్ మరగాలంటే దాదాపు 118 డిగ్రీలు కావాలి, అంటే నీళ్ల కన్నా ఎక్కువ. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ఆవిరి పీల్పించి రోగికి మత్తు ఇచ్చాడు, సర్జన్ కణితిని కోసి తీశాడు. బ్యూటన్-1-ఆల్‌ని పెయింట్లలో, వార్నిష్‌లలో ద్రావణిగా వాడతారు.

ఇలా అణుఫార్ములా ఒకటై, పరమాణువులు ఒకదానికొకటి అతుక్కున్న క్రమం వేరుగా ఉన్న పదార్థాలను నిర్మాణాత్మక ఐసోమర్లు అంటాం. మన పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు సాదృశ్యకాలు. C₄H₁₀Oకి ఇలాంటివి ఏడున్నాయి. ఏడంటే కాగితం మీద గీయడానికి ఎక్కువేమీ కాదు, విషయం అర్థం కావడానికి తక్కువా కాదు. అందుకే ఈ ఒక్క ఫార్ములానే పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం.

మొదటి మెట్టు: గీయకముందు ఫార్ములాని చదవండి

చాలామంది ఫార్ములా కనిపించగానే పెన్సిల్ తీసి గీయడం మొదలుపెడతారు. ముందు హైడ్రోజన్లను లెక్కపెట్టాలి. ఏక బంధాలు మాత్రమే ఉండి, వలయం లేకుండా n కార్బన్లుంటే పట్టే హైడ్రోజన్లు 2n+2. నాలుగు కార్బన్లకు పది. మన ఫార్ములాలో సరిగ్గా పదే ఉన్నాయి. ఆక్సిజన్ రెండు చేతులు చాపి మధ్యలో దూరుతుంది కాబట్టి ఈ లెక్కను మార్చదు.

దీంతో సగం పని అయిపోయినట్టే. హైడ్రోజన్లు తగ్గలేదు కాబట్టి ఈ అణువులో ద్విబంధం లేదు, వలయమూ లేదు. ద్విబంధం లేదంటే ఆల్డిహైడ్, కీటోన్ రెండూ పోయాయి. ఇక ఆక్సిజన్‌కి మిగిలిన దారులు రెండే. ఒక పక్క కార్బన్, ఇంకో పక్క హైడ్రోజన్ ఉంటే ఆల్కహాల్. రెండు పక్కలా కార్బన్లే ఉంటే ఈథర్.

అదే ఫార్ములా C₄H₈O అయ్యుంటే రెండు హైడ్రోజన్లు తక్కువ. అప్పుడు కీటోన్లు, ఆల్డిహైడ్లు, వలయాలు, ద్విబంధమున్న ఆల్కహాళ్లు అన్నీ వచ్చి పడతాయి. రెండు హైడ్రోజన్ల తేడాకి పని ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రెండో మెట్టు: ఆక్సిజన్‌ని పక్కన పెట్టి కార్బన్లను పేర్చండి

నాలుగు కార్బన్లను ఎన్ని రకాలుగా కలపొచ్చు? వరుసగా నాలుగూ కలిపితే బ్యూటేన్. మూడిటిని వరుసగా పెట్టి నాలుగోదాన్ని మధ్య కార్బన్‌కి తగిలిస్తే 2-మిథైల్ ప్రొపేన్, దీన్నే ఐసోబ్యూటేన్ అంటారు. అంతే, రెండే. నాలుగోదాన్ని చివరి కార్బన్‌కి పైవైపు తగిలించి మూడో రకం దొరికిందనుకుంటారు కొందరు. అది వంగిన బ్యూటేనే. ఏక బంధం చుట్టూ పరమాణువులు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి కాగితం మీది వంపులకి విలువ లేదు. ఏది దేనికి అతుక్కుంది అన్నదొక్కటే లెక్క.

మూడో మెట్టు: ఆక్సిజన్‌ని ఒక్కో బంధంలో దూర్చండి

ఇక్కడ నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఆల్కహాళ్లు వేరే, ఈథర్లు వేరే అని రెండు పాఠాలుగా నేర్చుకోనక్కర్లేదు. గీసిన అస్థిపంజరంలో ఏదో ఒక బంధాన్ని తెంచి మధ్యలో ఆక్సిజన్‌ని పెట్టండి. కార్బన్-హైడ్రోజన్ బంధంలో పెడితే ఆల్కహాల్ వస్తుంది. కార్బన్-కార్బన్ బంధంలో పెడితే ఈథర్ వస్తుంది. కాబట్టి ప్రశ్న ఒకటే: ఈ అస్థిపంజరంలో ఎన్ని రకాల బంధాలున్నాయి?

బ్యూటేన్‌తో మొదలుపెడదాం. హైడ్రోజన్లు రెండు రకాలు, చివరి కార్బన్ల మీదివి, లోపలి కార్బన్ల మీదివి. ఎడమ చివర, కుడి చివర ఒకటే, ఎందుకంటే అణువుని తిప్పి పట్టుకుంటే ఒకటి ఇంకోటవుతుంది. అలా రెండు ఆల్కహాళ్లు వచ్చాయి. కార్బన్-కార్బన్ బంధాలు మూడున్నా రకాలు రెండే, చివరి బంధం, నడిమి బంధం. రెండు ఈథర్లు.

ఐసోబ్యూటేన్‌లో మూడు మిథైల్ సమూహాలూ ఒకేలాంటివి. వాటి హైడ్రోజన్లు ఒక రకం, మధ్య కార్బన్ మీదున్న ఒంటరి హైడ్రోజన్ ఇంకో రకం. రెండు ఆల్కహాళ్లు. కార్బన్-కార్బన్ బంధాలు మూడూ ఒకే రకం, కాబట్టి ఈథర్ ఒక్కటే. మొత్తం ఏడు.

```
1  CH3-CH2-CH2-CH2-OH     బ్యూటన్-1-ఆల్
2  CH3-CH2-CH(OH)-CH3     బ్యూటన్-2-ఆల్
3  (CH3)2CH-CH2-OH        2-మిథైల్ ప్రొపన్-1-ఆల్
4  (CH3)3C-OH             2-మిథైల్ ప్రొపన్-2-ఆల్
5  CH3-CH2-O-CH2-CH3      ఇథాక్సీ ఈథేన్
6  CH3-O-CH2-CH2-CH3      1-మిథాక్సీ ప్రొపేన్
7  CH3-O-CH(CH3)2         2-మిథాక్సీ ప్రొపేన్
```

మూడోదాన్ని ల్యాబుల్లో ఐసోబ్యూటనాల్ అనీ, నాలుగోదాన్ని టెర్ట్-బ్యూటనాల్ అనీ పిలుస్తారు. అయిదోది మన డైఇథైల్ ఈథర్.

ఒకే అణువుని రెండుసార్లు గీశానేమో అన్న అనుమానం వస్తే రెండిటికీ ఐయుపిఎసి పేరు పెట్టి చూడండి. పేరు ఒకటే వస్తే అణువు ఒకటే. "బ్యూటన్-3-ఆల్" అని రాసుంటే అది అవతలి చివర నుంచి లెక్కపెట్టిన బ్యూటన్-2-ఆల్. పరీక్ష పేపర్లలో ఎనిమిదో ఐసోమర్‌గా ఎక్కువగా కనిపించేది ఇదే.

ఇంకో చిక్కుంది. బ్యూటన్-2-ఆల్‌లో రెండో కార్బన్‌కి నాలుగు వేర్వేరు సమూహాలుండటం వల్ల, ఒకటి ఇంకోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రూపాలు దానికున్నాయి. వాటిలో అతుక్కున్న క్రమం మారలేదు, దిశ మాత్రమే మారింది. అవి ప్రాదేశిక ఐసోమర్లు, మన ఏడింటి లెక్కలోకి రావు.

నాలుగో మెట్టు: మరుగు స్థానాలను ముందే ఊహించండి

ఇప్పుడు అసలు ప్రశ్న. పరమాణువులు అవే అయినప్పుడు గుణాలు ఎందుకు మారాలి?

ద్రవం మరగడమంటే అణువులు విరిగిపోవడం కాదు. పక్కపక్కన ఉన్న అణువులు ఒకదాన్నొకటి విడిచి ఆవిరిలోకి వెళ్లడం. కాబట్టి మరుగు స్థానాన్ని నిర్ణయించేది అణువు బరువు ఒక్కటే కాదు, ఆ అణువు పక్క అణువుని ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది కూడా. ఆల్కహాల్‌లో ఒక హైడ్రోజన్ నేరుగా ఆక్సిజన్‌కి అతుక్కుని ఉంది. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది కాబట్టి ఆ హైడ్రోజన్‌పై కొద్దిగా ధనావేశం మిగులుతుంది. అది పక్క అణువులోని ఆక్సిజన్‌ని ఆకర్షిస్తుంది. అదే హైడ్రోజన్ బంధం. ఈథర్‌లో ఆక్సిజన్ ఉంది గానీ హైడ్రోజన్లన్నీ కార్బన్ల మీదే ఉన్నాయి. కార్బన్ మీది హైడ్రోజన్‌కి ఆ పని చేతకాదు. అందువల్ల ఈథర్ అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకోలేవు.

ఈథర్ ఎంత బలహీనంగా పట్టుకుంటుందో తెలియాలంటే దాన్ని పెంటేన్‌తో పోల్చాలి. పెంటేన్ అణుభారం 72, ఆక్సిజన్ అసలే లేదు, మరుగు స్థానం 36 డిగ్రీలు. డైఇథైల్ ఈథర్‌ది 34.6. మరగడం వరకు చూస్తే ఈథర్‌లో ఆక్సిజన్ ఉన్నా లేనట్టే. మిగతా రెండు ఈథర్లు కూడా ఆ చుట్టుపక్కలే మరుగుతాయి, 1-మిథాక్సీ ప్రొపేన్ దాదాపు 39 దగ్గర, 2-మిథాక్సీ ప్రొపేన్ దాదాపు 31 దగ్గర.

నాలుగు ఆల్కహాళ్లలో అందరికీ −OH ఉంది, అయినా అంకెలు కలవవు. బ్యూటన్-1-ఆల్ 118, ఐసోబ్యూటనాల్ 108, బ్యూటన్-2-ఆల్ 99.5, టెర్ట్-బ్యూటనాల్ 82 డిగ్రీలు. ఇక్కడ రెండు కారణాలు కలిసి పనిచేస్తున్నాయి. పొడవాటి గొలుసు పక్క గొలుసుతో ఎక్కువ మేర ఆనుకుంటుంది. శాఖలొచ్చి గుండ్రంగా మారేకొద్దీ ఆనుకునే చోటు తగ్గుతుంది. రెండో కారణం, −OH చుట్టూ మిథైళ్లు గుమిగూడేకొద్దీ పక్క అణువు ఆక్సిజన్ దగ్గరికి రావడం కష్టమవుతుంది. ఐసోబ్యూటనాల్‌లో శాఖ ఉన్నా −OH చివరన తెరిచే ఉంది. బ్యూటన్-2-ఆల్‌లో గొలుసు నిటారుగానే ఉన్నా −OH నడుమ ఇరుక్కుంది. మరుగు స్థానం ఎక్కువ పడిపోయింది రెండోదానికే. అంటే ఈ నాలుగింటిలో శాఖ ఉందా లేదా అన్నదాని కన్నా −OH ఎక్కడుందన్నదే ఎక్కువ తేడా తెస్తోంది.

కానీ ఈ తర్కాన్ని ద్రవీభవన స్థానానికి వాడితే బోల్తా పడతారు. టెర్ట్-బ్యూటనాల్ మరుగు స్థానంలో ఆల్కహాళ్లన్నిటికన్నా కింద ఉంది. గడ్డకట్టడంలో మాత్రం అన్నిటికన్నా ముందుంటుంది. బ్యూటన్-1-ఆల్ మైనస్ 90 దాకా ద్రవంగానే ఉంటే, టెర్ట్-బ్యూటనాల్ 25 డిగ్రీల చుట్టుపక్కలే ఘనమవుతుంది. డిసెంబర్‌లో హైదరాబాద్ ల్యాబ్‌లో ఆ సీసా తెల్లగా గడ్డకట్టి కనిపిస్తే పాడైందనుకోకండి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెడితే సరి. మరగడానికి అణువుల మధ్య పట్టు ఎంతన్నది చూస్తే చాలు. గడ్డకట్టడానికి అవి స్ఫటికంలో ఎంత చక్కగా సర్దుకుంటాయన్నది కూడా చూడాలి. దాదాపు బంతిలా ఉన్న సౌష్ఠవమైన అణువు ఎటు తిరిగినా స్ఫటికంలో తేలిగ్గా ఇముడుతుంది.

నీటిలో కరగడం ఇంకో ఉచ్చు. హైడ్రోజన్ బంధం లేదు కాబట్టి ఈథర్ నీటిలో కరగదని చాలామంది రాస్తారు. నిజానికి 100 మిల్లీలీటర్ల నీటిలో ఈథర్ ఆరేడు గ్రాములు కరుగుతుంది, బ్యూటన్-1-ఆల్ ఏడెనిమిది గ్రాములు. పెద్ద తేడా లేదు. ఎందుకంటే ఈథర్‌కి ఇచ్చే హైడ్రోజన్ లేకపోయినా పుచ్చుకునే ఆక్సిజన్ ఉంది, హైడ్రోజన్‌ని నీరు ఇస్తుంది. టెర్ట్-బ్యూటనాల్ అయితే నీటిలో ఎంత పోస్తే అంత కలిసిపోతుంది. నీటితో కలవని కార్బన్ భాగం గుండ్రంగా ముడుచుకుని ఉండటంతో నీటి అణువులను అది తక్కువ ఇబ్బంది పెడుతుంది.

అయిదో మెట్టు: లేబుల్ చిరిగిన సీసా

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. సీసా మీద C₄H₁₀O అన్నది మాత్రమే మిగిలింది, పేరు చిరిగిపోయింది. సీసా హైదరాబాద్‌లో ఉందనుకోండి. ఇది ఊరికే చెప్పిన మాట కాదు, ఊరి పేరు కూడా లెక్కలోకి వస్తుంది.

ముందొక హెచ్చరిక. లోపల ఉన్నది ఈథర్ కావచ్చు. పాత ఈథర్ గాలి తగిలి పెరాక్సైడ్లు తయారుచేసుకుంటుంది, అవి పేలతాయి. మూత చుట్టూ తెల్లని స్ఫటికాలు కనిపిస్తే మూత తిప్పకండి, సీసాని కదపకుండా ల్యాబ్ బాధ్యులకు చెప్పండి. అవేమీ లేకపోయినా ఈ పనంతా ల్యాబ్‌లో, ఫ్యూమ్ హుడ్ కింద, కళ్లద్దాలు పెట్టుకుని, అనుభవమున్నవారి ముందే చేయాలి. బున్సెన్ బర్నర్ వెలిగించకూడదు. కరెంటు హీటర్ మీది నూనె లేదా నీటి తొట్టితోనే వేడి చేయాలి.

చిన్న గాజు గొట్టంలో అరంగుళం ద్రవం పోసి, ఒక చివర మూసిన సన్నని క్యాపిలరీని తలకిందులుగా అందులో ముంచి, థర్మామీటర్‌కి కట్టి తొట్టిలో ఉంచుతారు. క్యాపిలరీ కింద నుంచి బుడగలు ఆగకుండా వరుసగా వచ్చాక వేడి ఆపేయాలి. బుడగలు ఆగిపోయి ద్రవం క్యాపిలరీలోకి ఎక్కడం మొదలైన క్షణంలో ఉన్న ఉష్ణోగ్రతే మరుగు స్థానం. బుడగలు మొదలైనప్పుడు చూసిన అంకె తప్పు, అప్పుడు బయటికొచ్చేది చాలావరకు లోపలున్న గాలి.

మన సీసా ద్రవం 98 చూపించింది. పైన చెప్పిన మరుగు స్థానాల్లో 98 లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, గాలి పీడనం తక్కువ. అక్కడ నీళ్లు కూడా వందకి కాకుండా 98 దాటాక మరుగుతాయి. అదే థర్మామీటర్‌తో నీటి మరుగు స్థానం చూసి, వంద నుంచి ఎంత తగ్గిందో అంత దీనికి కలిపితే సరిపోతుంది. ఒకటిన్నర కలిపితే 99.5. బ్యూటన్-2-ఆల్ మీద అనుమానం పడింది. ఈథర్లు మూడూ నలభై లోపే మరుగుతాయి కాబట్టి పోయాయి.

అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఐసోబ్యూటనాల్‌లో కొద్దిగా నీళ్లు కలిసినా మరుగు స్థానం దిగి ఈ చుట్టుపక్కలకి వస్తుంది. అందుకే రెండు పరీక్షలు.

మొదటిది లూకాస్ పరీక్ష. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అనార్ద్ర జింక్ క్లోరైడ్ కరిగించిన కారకం అయిదు మిల్లీలీటర్లలో ఒక మిల్లీలీటరు ద్రవం వేసి, బిరడా పెట్టి కలిపి, గది ఉష్ణోగ్రతలో వదిలేయాలి. ఆల్కహాల్ ముందు ఇందులో కరుగుతుంది. −OH పోయి ఆ స్థానంలో క్లోరిన్ చేరితే వచ్చే క్లోరైడ్ కరగదు, అందుకని ద్రావణం మసకబారుతుంది. −OH విడిపోయిన క్షణంలో కార్బన్ మీద ధనావేశం మిగులుతుంది, చుట్టూ ఎన్ని కార్బన్లుంటే దానికంత ఊరట. అందుకే మూడు కార్బన్ల మధ్య −OH ఉన్న టెర్ట్-బ్యూటనాల్ వెంటనే మసకబారుతుంది, బ్యూటన్-2-ఆల్ అయిదు నిమిషాల్లో మసకబారుతుంది, మిగతా రెండూ వేడి చేయకపోతే తేటగానే ఉండిపోతాయి. మన ద్రవం నాలుగు నిమిషాల తర్వాత మసకబారింది. ఐసోబ్యూటనాల్ పోయింది.

రెండోది అయొడోఫాం పరీక్ష. కొన్ని చుక్కల ద్రవానికి అయొడిన్ ద్రావణం కలిపి, గోధుమ రంగు పోయేదాకా సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేసి, కొద్దిగా వేడి చేస్తే లేత పసుపు అవక్షేపం వచ్చింది, పాతకాలం ఆసుపత్రి వాసనతో. ఏడింటిలో ఇది ఇచ్చేది ఒక్క బ్యూటన్-2-ఆలే, ఎందుకంటే −OH ఉన్న కార్బన్‌కి పక్కనే మిథైల్, దాంతోపాటు ఒక హైడ్రోజన్ రెండూ ఉన్నది అందులోనే. సీసాలో ఉన్నది అదే.

ఈ పరీక్షని బోల్తా కొట్టించేది ఎక్కువగా టెస్ట్ ట్యూబే. త్వరగా ఆరుతుందని ఎసిటోన్‌తో కడిగి, సరిగ్గా ఆరనివ్వకుండా వాడితే ఆ ఎసిటోనే పసుపు అవక్షేపం ఇచ్చేస్తుంది. కాబట్టి అదే ట్యూబుల్లో ఒకదానిలో ద్రవం లేకుండా, ఇంకోదానిలో బ్యూటన్-1-ఆల్‌తో పరీక్ష చేసి చూడండి. ఆ రెండిటిలోనూ పసుపు రాకూడదు.

సోడియం ముక్కతో పరీక్షించి ఆల్కహాలా, ఈథరా అని తేల్చే పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది. ఆల్కహాల్ అయితే హైడ్రోజన్ బుడగలు వస్తాయి, పొడి ఈథర్ కదలదు, నిజానికి పొడి ఈథర్‌ని సోడియం తీగ వేసే దాస్తారు. కానీ తడి ఈథర్‌లో ఉన్న నీళ్లే బుడగలిచ్చి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. పైగా హైడ్రోజన్, ఈథర్ ఆవిరి, మండే సోడియం మూడూ ఒకచోట చేరతాయి. మరుగు స్థానం చూస్తేనే తేలిపోయే విషయానికి అంత సాహసం అక్కర్లేదని నా ఉద్దేశం.

ఈ దారి ఆగిపోయే చోటు కూడా ఉంది. సీసా నలభై లోపు మరిగి ఈథర్ అని తేలితే, మూడింటిలో ఏదన్నది ఈ పరీక్షలు చెప్పలేవు. 31, 35, 39 అంకెలు మరీ దగ్గర, కొద్దిపాటి మలినానికే ఒకటి ఇంకోటిలా కనిపిస్తుంది. అక్కడ ఎన్‌ఎంఆర్ కావాలి, అంటే అణువులోని ఒక్కో రకం హైడ్రోజన్లకి ఒక్కో సంకేతం చూపించే యంత్ర పరీక్ష. డైఇథైల్ ఈథర్‌లో హైడ్రోజన్లు రెండు రకాలే కాబట్టి రెండే సంకేతాలు వస్తాయి, ఆరు హైడ్రోజన్లకి ఒకటి, నాలుగు హైడ్రోజన్లకి ఒకటి. 2-మిథాక్సీ ప్రొపేన్‌కి మూడు, 1-మిథాక్సీ ప్రొపేన్‌కి నాలుగు. మూడో మెట్టులో బంధాల రకాలు లెక్కపెట్టినట్టే ఇక్కడ హైడ్రోజన్ల రకాలు లెక్కపెడితే ఏ ఈథరో తేలిపోతుంది.